ఫోన్‌ను తుడిచేసే ముందు ఒక రోజు సేఫ్ మోడ్‌లో

ప్రశ్న: నా ఆండ్రాయిడ్ ఫోన్ కొని మూడేళ్లయింది. పది రోజులుగా ఏ పని చేస్తున్నా తెర నిండా ప్రకటనలు వచ్చి పడుతున్నాయి. రోజుకు రెండు మూడు సార్లు దానంతట అదే ఆగిపోయి మళ్ళీ మొదలవుతోంది. ఫోన్లు బాగుచేసే ఒకాయన “రీసెట్ కొట్టేయండి, అన్నీ పోతాయి” అన్నాడు. మా అక్క కొడుకు మాత్రం “ముందు సేఫ్ మోడ్‌లో పెట్టి చూడు పిన్నీ” అంటున్నాడు. రెండింటికీ తేడా ఏమిటి? రీసెట్ చేయక తప్పకపోతే పిల్లల ఫొటోలు, వాట్సాప్ మాటలు పోకుండా ఏం చేసుకోవాలి?

జవాబు: మీ అక్కయ్యగారి అబ్బాయి చెప్పిన వరసే సరైనది. ఆ రిపేరు చేసే ఆయన “అన్నీ పోతాయి” అన్నది కూడా నిజమే, కాకపోతే ఆ అన్నింటిలో ప్రకటనలతో పాటు మీ ఫొటోలూ ఉన్నాయి.

సేఫ్ మోడ్‌లో ఫోన్ తనతో పాటు వచ్చిన యాప్‌లను మాత్రమే నడుపుతుంది. మీరు తరువాత వేసుకున్న యాప్‌లు, వాటిలోని సమాచారం ఎక్కడివక్కడే ఉంటాయి, కానీ ఆ కాసేపు వాటిలో ఏదీ పని చేయదు. ఫోన్‌ను మామూలుగా రీస్టార్ట్ చేస్తే మళ్ళీ అన్నీ మేలుకుంటాయి. ఫ్యాక్టరీ రీసెట్ అలాంటిది కాదు. మీరు వేసుకున్న యాప్‌లు, ఫొటోలు, సందేశాలు, ఖాతాలు, సెట్టింగులు అన్నింటినీ అది చెరిపేస్తుంది. ఈ కాలపు ఫోన్లు సమాచారాన్ని తాళం వేసిన రూపంలో దాచుతాయి, రీసెట్ ఆ తాళంచెవినే నాశనం చేస్తుంది. అందువల్ల పోయిన ఫొటోలను తరువాత ఏదో సాఫ్ట్‌వేర్‌తో తిరిగి రప్పించవచ్చన్న ఆశ పెట్టుకోవద్దు. ఇంకో విషయం, రీసెట్ చేస్తే ఫోన్ కొన్నప్పటి పాత ఆండ్రాయిడ్ తిరిగి రాదు. ఇప్పటివరకు వేసిన అప్‌డేట్లన్నీ అలాగే ఉంటాయి. కాబట్టి ఒక అప్‌డేట్ తరువాత ఫోన్ నెమ్మదించిందని రీసెట్ చేసేవారు ఆ అప్‌డేట్‌ను మాత్రం వదిలించుకోలేరు.

సేఫ్ మోడ్‌లోకి వెళ్లే ముందు హోమ్ స్క్రీన్‌ను ఒక స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. మీరు అక్కడ పెట్టుకున్న విడ్జెట్‌లు కొన్ని చెదిరిపోవచ్చు, ఆ ఫొటో ఉంటే తిరిగి సర్దుకోవడం తేలిక. కీబోర్డును గాని అలారాన్ని గాని మీరు విడిగా డౌన్‌లోడ్ చేసుకుని ఉంటే అవి కూడా ఆ సమయంలో పని చేయవు, కాబట్టి తెల్లవారుజామున లేవవలసిన రాత్రి ఈ ప్రయోగం పెట్టుకోకండి. ఆ తరువాత పవర్ మెనూ తెరిచి, అందులోని “Power off” గుర్తును నొక్కి కాసేపు అలాగే పట్టుకోండి. చాలా ఫోన్లలో “Safe mode” అనో “Reboot to safe mode” అనో అడుగుతుంది, సరేనంటే ఫోన్ ఆగి మళ్ళీ మొదలవుతుంది. మెనూలో ఆ దారి లేని ఫోన్లలో అనేకం, ఆఫ్ చేసి తిరిగి ఆన్ చేస్తున్నప్పుడు వాల్యూమ్ తగ్గించే బటన్‌ను పట్టుకుని ఉంటే సేఫ్ మోడ్‌లోకి వెళతాయి. తెర కింది మూలలో “Safe mode” అన్న అక్షరాలు కనబడితే సరైన చోటికి వచ్చినట్టే. ఒక్కోసారి ఎవరూ అడగకుండానే ఫోన్ ప్రతిసారీ సేఫ్ మోడ్‌లోనే తెరుచుకుంటుంది. అలా జరిగితే ముందు పౌచ్ తీసి చూడండి, వాల్యూమ్ బటన్ లోపలికి నొక్కుకుపోయి ఉండటమే చాలాసార్లు కారణం.

సేఫ్ మోడ్‌లో ఎంతసేపు ఉంచాలన్నది చాలామంది పట్టించుకోని విషయం. అయిదు నిమిషాలు చూసి “బాగానే ఉందే” అని బయటికి వచ్చేస్తే ఏమీ తేలదు. మీ ఫోన్‌కు ఉన్న ఇబ్బందులు రెండు, వాటి వేగాలు వేరు. ప్రకటనలు పది నిమిషాలకొకటి వస్తున్నాయనుకుంటే, అరగంట సేపు బ్రౌజరు, కెమెరా, ఫోన్ కాల్స్ వాడుతూ చూస్తే వాటి సంగతి తేలిపోతుంది. కానీ ఫోన్ రోజుకు రెండు మూడు సార్లే ఆగుతోందంటున్నారు కాబట్టి, దాని సంగతి తెలియాలంటే కనీసం ఒక పూర్తి రోజు అదే మోడ్‌లో ఉంచాలి. ఆ రోజు వాట్సాప్ ఉండదని దగ్గరివారికి ముందే చెప్పుకుంటే సరిపోతుంది. కాల్స్, మామూలు ఎస్ఎంఎస్‌లు యథావిధిగా వస్తాయి. ఆ రోజంతా ఏ గంటకు ఏమైంది, అప్పుడు చార్జి ఎంత ఉంది, చార్జరు పెట్టి ఉందా లేదా అన్నది ఒక కాగితం మీద రాసుకోండి. మీ చేతిలో ఉండే అసలైన ఆధారం ఆ కాగితమే.

సేఫ్ మోడ్‌లో ప్రకటనలు పూర్తిగా ఆగిపోతే, మీరు వేసుకున్న యాప్‌లలో ఏదో ఒకటి వాటిని తెస్తోందని తేలినట్టే, రీసెట్ అవసరం దాదాపు ఉండదు. ఇక దొంగను పట్టుకోవాలి. మామూలు మోడ్‌కు తిరిగి వచ్చి, తెర నిండా ప్రకటన పడగానే దాన్ని మూయకుండా, ఇటీవల వాడిన యాప్‌లను చూపే బటన్ నొక్కండి. ఆ ప్రకటన ఏ యాప్ పేరుతో కనబడుతోందో చాలాసార్లు అక్కడే బయటపడుతుంది. అక్కడ దొరకకపోతే, సెట్టింగులలో యాప్‌ల ప్రత్యేక అనుమతుల్లో “Display over other apps” అన్న జాబితా తెరవండి, కొన్ని ఫోన్లలో దాని పేరు “Appear on top”. ఇతర యాప్‌ల మీద తెరను కప్పే అనుమతి ఎవరికి ఉందో అది చెబుతుంది. ఒక టార్చి యాప్‌కో, ఫోన్‌ను శుభ్రం చేస్తానని చెప్పే యాప్‌కో ఆ అనుమతి ఎందుకని మిమ్మల్ని మీరు అడగండి. పది రోజుల కిందట మొదలైందంటున్నారు కాబట్టి, పదకొండో రోజున గాని పన్నెండో రోజున గాని ఏం వేసుకున్నారో గుర్తు చేసుకోండి. ఎవరో పంపిన లింకు నొక్కి, ప్లే స్టోర్ బయటి నుంచి వేసుకున్నది ఏదైనా ఉంటే మొదటి అనుమానం దాని మీదే పెట్టుకోవాలి. ఇలాంటివి హోమ్ స్క్రీన్ మీద గుర్తు లేకుండా దాక్కోగలవు గాని, సెట్టింగులలోని పూర్తి యాప్‌ల జాబితాలో పేరు లేకుండానో, ఖాళీ గుర్తుతోనో దొరుకుతాయి.

కొన్ని యాప్‌లను తీసేద్దామంటే “Uninstall” బటన్ మసకబారి నొక్కడానికి వీలు లేకుండా ఉంటుంది. ఆ యాప్ ఫోన్‌కు నిర్వాహకుడిగా నమోదు చేసుకుని ఉండటమే దానికి కారణం. సెట్టింగుల పైనున్న వెతుకు పెట్టెలో “Device admin apps” అని కొడితే ఆ జాబితా వస్తుంది, అక్కడ దాని ఎదుట ఉన్న టిక్కు తీసేస్తే బటన్ మళ్ళీ పని చేస్తుంది. ఈ పనిని సేఫ్ మోడ్‌లోనే చేయడం మంచిది, ఎందుకంటే మామూలు మోడ్‌లో కొన్ని యాప్‌లు మీరు ఆ పేజీ తెరవగానే దాన్ని మూసేసేంత గడుసువి. అదే పూటలో “Accessibility” పేజీ కూడా చూడండి. తెర మీద ఉన్నదంతా చదివే, మీ బదులు బటన్లు నొక్కే అధికారం అక్కడ ఇస్తారు. మీకు తెలియని యాప్‌కు ఆ అధికారం ఉంటే, దాన్ని ప్రకటనల కన్నా పెద్ద సమస్యగానే చూడాలి.

ఒక పొరపాటు గురించి ఇక్కడే హెచ్చరించాలి. సేఫ్ మోడ్‌లో కూడా ప్రకటనలు వస్తున్నాయని, ఇక రీసెట్ తప్పదని చాలామంది తేల్చేసుకుంటారు. ఆ ప్రకటనలు తెరను కప్పుతున్నాయా, లేక పై నుంచి నోటిఫికేషన్లుగా జారుతున్నాయా అన్నది చూడండి. నోటిఫికేషన్లయితే, ఎప్పుడో ఏదో వెబ్‌సైట్ “అనుమతిస్తారా” అని అడిగినప్పుడు సరే నొక్కేసి ఉంటారు. క్రోమ్ ఫోన్‌తో పాటే వస్తుంది కాబట్టి సేఫ్ మోడ్‌లో కూడా పని చేస్తూనే ఉంటుంది, ఆ వెబ్‌సైట్ దాని ద్వారా పంపుతూనే ఉంటుంది. క్రోమ్ సెట్టింగులలో “Site settings”, అందులో “Notifications” తెరిచి, తెలియని వెబ్‌సైట్లన్నింటికీ అనుమతి తీసేస్తే అయిదు నిమిషాల్లో ఆ గోల అణిగిపోతుంది.

ఇక ఫోన్ ఆగిపోవడం. ప్రకటనలు ఆగిపోయి, సేఫ్ మోడ్‌లో ఒక రోజంతా ఫోన్ కూడా ఆగకుండా నడిచిందంటే రెండింటికీ మూలం ఒకటే కావచ్చు, ఆ యాప్ పోతే రెండూ పోతాయి. కానీ సేఫ్ మోడ్‌లో కూడా ఆగుతోందంటే, మీ కాగితం చూసుకోండి. చార్జరు పెట్టి ఉన్నంతసేపూ ఒక్కసారి కూడా ఆగకుండా, తీసిన తరువాత ముప్పయ్యో నలభయ్యో శాతం చార్జి చూపిస్తూనే ఆరిపోతోందంటే, మూడేళ్ల బ్యాటరీ నీరసపడిందని అనుమానించాలి. ఫోన్ వెనుక భాగం ఉబ్బినట్టు కనబడితే వెంటనే చార్జి చేయడం మానేసి, బ్యాటరీ మార్పించండి. ఇటువంటి ఫోన్‌ను ఎన్నిసార్లు రీసెట్ చేసినా ఫలితం సున్నా. చార్జరుతో సంబంధం లేకుండా, సేఫ్ మోడ్‌లో కూడా యథాప్రకారం ఆగుతుంటే, ఫోన్‌లోని సొంత సాఫ్ట్‌వేర్ చెడిందా లేక లోపలి భాగమేదైనా చెడిందా అని తేల్చడానికి రీసెట్ ఒక న్యాయమైన పరీక్ష అవుతుంది.

దీనితో పాటు మరో రెండు సందర్భాల్లో నేను సంకోచించకుండా రీసెట్ చేయమంటాను. మొదటిది, ఇందాక చెప్పిన “Accessibility” అధికారాన్ని ఒక తెలియని యాప్ సంపాదించి ఉండటం. అప్పుడు ఆ యాప్‌ను తీసేయడంతో ఆగకుండా ఫోన్‌ను తుడిచేయాలి, బ్యాంకు, ఈమెయిల్ పాస్‌వర్డులను వేరే పరికరం నుంచి మార్చాలి. రెండోది, ఫోన్‌ను వేరేవారికి ఇచ్చేయడం. మెమరీ నిండిపోయి ఫోన్ నెమ్మదించడాన్ని మాత్రం నేను ఈ జాబితాలో చేర్చను. మీరు తిరిగి అవే ఫొటోలు, అవే యాప్‌లు నింపుతారు, నెల తిరిగేసరికి మళ్ళీ మొదటికి వస్తారు.

రీసెట్‌కు సిద్ధపడటంలో అందరూ ఫొటోల దగ్గర మొదలుపెడతారు. నేను ఖాతా దగ్గర మొదలుపెట్టమంటాను. ఆండ్రాయిడ్ 5.1 నుంచి, అంటే 2015 నుంచి, ఆ ఫోన్ దొంగ చేతిలో పడితే పనికి రాకుండా ఒక కాపలా ఏర్పాటు ఉంది. సెట్టింగుల లోపలి నుంచి కాకుండా బటన్లతో బలవంతంగా రీసెట్ చేసిన ఫోన్, అంతకు ముందు అందులో ఉన్న గూగుల్ ఖాతా వివరాలు అడుగుతుంది, చెప్పలేకపోతే తెరుచుకోదు. ఆ ఈమెయిల్ పేరు, పాస్‌వర్డ్ మీకు నిజంగా గుర్తున్నాయా అన్నది వేరే ఫోన్‌లో గాని కంప్యూటర్‌లో గాని లాగిన్ అయి చూస్తేనే తెలుస్తుంది, గుర్తుందని అనుకోవడం చాలదు. పాస్‌వర్డ్ మరచిపోయి మార్చవలసి వస్తే, మార్చిన రోజే రీసెట్ చేయకండి, ఒక రోజు ఆగండి.

అదే వరసలో, ఖాతాలో లాగిన్ అయ్యేటప్పుడు అదనంగా ఒక కోడ్ అడిగే ఏర్పాటు పెట్టుకున్నారా అన్నది చూడండి. ఆ కోడ్ ఈ ఫోన్‌లోని యాప్ నుంచే వస్తుంటే, ఫోన్ తుడిచాక కోడ్ ఇచ్చేవారుండరు. తాళంచెవిని పెట్టెలో పెట్టి తాళం వేయడం లాంటిది అది. గూగుల్ ఆథెంటికేటర్ వాడుతుంటే అది మీ ఖాతాలో భద్రమవుతోందో లేదో చూసుకోండి, లేకపోతే ఆ యాప్‌లోని “Transfer accounts” ద్వారా ఇంకో ఫోన్‌కు పంపండి. గూగుల్ ఖాతాకు ముందుజాగ్రత్తగా పది “Backup codes” తీసుకోవచ్చు, ఒక్కొక్కటి ఎనిమిది అంకెలది, ఒక్కొక్కటి ఒక్కసారే పని చేస్తుంది. వాటిని కాగితం మీద రాసుకోండి. ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసుకుంటే అదీ తుడిచిపెట్టుకుపోతుంది.

వాట్సాప్‌కు ఫోన్ చేసే మామూలు బ్యాకప్ మీద ఆధారపడకండి, దానికి సొంత బ్యాకప్ ఉంది. వాట్సాప్ సెట్టింగులలో “Chats”, అందులో “Chat backup” తెరిచి, చివరి బ్యాకప్ తేదీ చూడండి. అది నిన్నటిదైనా సరే, రీసెట్‌కు ముందు మళ్ళీ ఒకసారి బ్యాకప్ చేయించండి, వీడియోలు కూడా కావాలంటే ఆ టిక్కు పెట్టండి. అదే పేజీలో బ్యాకప్‌కు తాళం వేసే ఏర్పాటు ఆన్‌లో ఉంటే, దాని పాస్‌వర్డ్ గాని, 64 అక్షరాల తాళపు సంఖ్య గాని మీ దగ్గర ఉండాలి. అది పోతే వాట్సాప్ వారు కూడా ఆ బ్యాకప్‌ను తెరవలేరు.

ఫొటోల విషయంలో “బ్యాకప్ ఆన్‌లో ఉంది” అన్న మాటను నమ్మకండి. కెమెరాతో తీసినవి మాత్రమే పైకి వెళ్లేలా అమరి ఉంటుంది సాధారణంగా, వాట్సాప్‌లో వచ్చినవి, స్క్రీన్‌షాట్లు వేరే ఫోల్డర్లలో ఉంటాయి కాబట్టి వాటిని విడిగా ఎంచుకుంటేనే వెళతాయి. గూగుల్ ఖాతాలో ఉచితంగా దొరికే చోటు 15 జీబీ, అది ఈమెయిల్‌తో కలిపి. నిండిపోయిందంటే బ్యాకప్ ఆగిపోతుంది, మీరు గమనించకపోవచ్చు కూడా. వేరే పరికరంలో మీ ఖాతా తెరిచి, నిన్న తీసిన ఫొటో ఒకటి, మూడేళ్ల కిందటిది ఒకటి, ఒక వీడియో తెరిచి చూడండి. తెరుచుకుంటేనే ఉన్నట్టు.

దీని పైన, తీగతో కంప్యూటర్‌కు కలిపి DCIM, Pictures, Download, Recordings ఫోల్డర్లను కాపీ చేసుకోవడం నేను ఎన్నడూ మానను. ఆ చివరి ఫోల్డరు గురించి నాకు చేదు అనుభవం ఉంది. ఒకసారి ఫొటోలు, సంభాషణలు అన్నీ భద్రపరచి, ధైర్యంగా నా ఫోన్ తుడిచేశాను. మా నాన్నగారు వాయిస్ రికార్డరులో పాడిన కీర్తనలు ఏ బ్యాకప్‌కూ చెందని ఫోల్డరులో ఉన్నాయని మర్నాడు గుర్తొచ్చింది. అప్పటి నుంచి కాపీ అయ్యాక తీగ పీకేసి, కంప్యూటర్‌లోనే రెండు మూడు ఫైళ్లు తెరిచి చూస్తాను. తీగ ఉండగా తెరిస్తే ఫోన్‌లోదాన్నే చూస్తున్నామేమో తెలియదు.

ఫోన్ నంబర్ల జాబితాలో కొన్ని ఖాతాలో కాకుండా ఫోన్‌లోనే నిలవ ఉండవచ్చు. కాంటాక్ట్స్ యాప్‌లో ఎక్స్‌పోర్ట్ చేస్తే .vcf అనే ఒక చిన్న ఫైలు వస్తుంది, దాన్ని మీకే ఈమెయిల్ చేసుకోండి. మెమరీ కార్డు ఉంటే బయటికి తీసేయండి. దాన్ని ఫోన్ లోపలి మెమరీలో భాగంగా కలిపేసుకుని ఉంటే మాత్రం బయటికి తీసినంత మాత్రాన రక్షణ లేదు, ఆ కార్డుకు తాళంచెవి ఫోన్‌లోనే ఉంటుంది కాబట్టి, అందులోని సరుకు ముందే కంప్యూటర్‌లోకి చేరాలి. మీది ఈసిమ్ అయితే రీసెట్ తెర మీద దాన్ని కూడా చెరపమంటారా అని అడుగుతుంది, ఫోన్ మీ దగ్గరే ఉండేటప్పుడు ఆ టిక్కు పెట్టకండి.

ఇవన్నీ అయ్యాక ఫోన్‌ను సగానికి పైగా చార్జి చేసి, చార్జరు పెట్టే ఉంచి, సెట్టింగుల వెతుకు పెట్టెలో “Erase all data” అని కొట్టండి, లేదా మీ ఫోన్ దానికి పెట్టుకున్న “Factory data reset” అనే పేరు కొట్టండి. లాక్ పిన్ అడిగి పని మొదలుపెడుతుంది. ఫోన్ వేరేవారికి ఇచ్చేయడానికైతే, రీసెట్‌కు ముందు సెట్టింగులలో గూగుల్ ఖాతాను తీసేయండి, ఆ తరువాత వారు మీ పాస్‌వర్డ్ కోసం వెతుక్కోవలసిన పని ఉండదు.

తిరిగి తెరిచాక పాత బ్యాకప్ నుంచి యాప్‌లు తెచ్చుకోమని అడిగే జాబితాలో తొందరపడి “అన్నీ” నొక్కకండి. పాత యాప్‌ల పేర్ల జాబితా కూడా ఆ బ్యాకప్‌లోనే ఉంటుంది కాబట్టి, ప్రకటనలు తెచ్చిన యాప్ ప్లే స్టోర్‌లోదైతే మళ్ళీ అక్కడి నుంచే చేతులారా తెచ్చుకున్నవారవుతారు. దాని ఎదుట టిక్కు తీసేయండి. మీ ఫోన్‌కు ఆగిపోయే జబ్బు కూడా ఉంది కాబట్టి, వాట్సాప్ ఒక్కటి వేసుకుని మిగిలినవి ఏవీ వేయకుండా మరో పూర్తి రోజు వాడి చూడండి. అప్పుడు కూడా ఆగిపోతే, ఆ కాగితం తీసుకుని రిపేరు చేసే ఆయన దగ్గరికే వెళ్ళి, రీసెట్ అయిపోయిందని, సేఫ్ మోడ్‌లో కూడా ఇలాగే ఉందని చెప్పి బ్యాటరీ, లోపలి భాగాలు పరీక్షించమనండి.